తేడా ఉందా అని కాదు, ఎంత ఉంది అని అడిగితే ఎన్ని గింజలు?

ధ్రువీకరించిన వేరుశనగ విత్తనంలో కనీసం 70 శాతం మొలక ఉండాలి. విత్తనశుద్ధి చేస్తే అది 80కి పెరుగుతుందని మన అంచనా అనుకుందాం. శుద్ధి చేసినవీ చేయనివీ చెరి ఎన్ని గింజలు మొలకెత్తించి చూడాలి?

చాలామంది వెంటనే పవర్ లెక్కకు పోతారు; పవర్ అంటే నిజంగా ఉన్న తేడాను పరీక్ష పట్టుకునే అవకాశం. 10 పాయింట్ల తేడా, 80 శాతం పవర్, 5 శాతం సిగ్నిఫికెన్స్ పెడితే ఒక్కో వైపు 291 గింజలు వస్తాయి. అయితే ఆ 291 తేడా సున్నా కాదని తేల్చడానికి సరిపోయే సంఖ్య. ప్రయోగంలో అచ్చంగా 80, 70 శాతాలే వచ్చినా, తేడాకు 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు తేడా ఉండగల హద్దులు, 3 నుంచి 17 పాయింట్ల దాకా సాగుతుంది. కనీసం 5 పాయింట్లు పెరిగితేనే శుద్ధి ఖర్చు గిట్టే రైతుకు ఇది జవాబే కాదు. పరీక్ష మాత్రం పాసైంది!

ఇది ఈ అంకెల వల్ల వచ్చిన చిక్కు కాదు. 80 శాతం పవర్ కావాలంటే మనం ఊహించిన తేడా, ప్రామాణిక దోషానికి, అంటే మన అంచనా యాదృచ్ఛికంగా ఎంత ఊగుతుందో ఆ కొలతకు, 1.96 + 0.84, అంటే 2.80 రెట్లు ఉండాలి. విశ్వాస అంతరంలో ఒక పక్క వెడల్పు ప్రామాణిక దోషానికి 1.96 రెట్లు. 1.96ను 2.80తో భాగిస్తే 0.7. కాబట్టి పంట ఏదైనా, మందు ఏదైనా, ఇలా లెక్కేసిన ప్రయోగంలో అంతరం అటూ ఇటూ ఊహించిన తేడాలో సుమారు 70 శాతం ఉండి తీరుతుంది. పవర్‌ను 90కి పెంచినా అది 60 దగ్గరే ఆగుతుంది.

అందుకని కావలసిన వెడల్పునే ముందు నిర్ణయించుకోవాలి. ఒక పక్క వెడల్పును d, రెండు వైపుల మొలక నిష్పత్తులను p1, p2 అంటే, ఒక్కో వైపు గింజలు:

```
n = 1.96² × [p1(1−p1) + p2(1−p2)] / d²
```

ఇందులో పవర్ ఊసే లేదు. 0.8కి 0.16, 0.7కి 0.21, కలిపితే 0.37. తేడాను అటూ ఇటూ 5 పాయింట్లలో పట్టాలంటే d = 0.05, చెరి 569 గింజలు. 2.5 పాయింట్లలో కావాలంటే 2275, దాదాపు నాలుగింతలు. మొలక శాతాల మీద ముందస్తు అంచనా ఏమీ లేకపోతే రెండూ 0.5 అనుకోవాలి, అప్పుడు 5 పాయింట్లకు 769.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఒక్క శాతాన్ని 5 పాయింట్లలో పట్టడానికి 385 చాలు కదా అని రెండు వైపులా 385 పెట్టేస్తారు. తేడాలో రెండు వైపుల ఊగిసలాటా కలుస్తుంది కాబట్టి, రెండూ 0.5 అనుకుంటే, అక్కడ వెడల్పు 5 కాదు, 7 పాయింట్లు దాటుతుంది.

పైగా ఈ సూత్రం ప్రతి గింజా విడిగా మొలుస్తుందనుకుంటుంది. ఒకే ట్రేలో తడి ఎక్కువై బూజు పడితే పక్కపక్క గింజలు కలిసే చస్తాయి. అప్పుడు 569 గింజలు ఇచ్చే సమాచారం 569 గింజలది కాదు. శుద్ధి చేసినవాటిని ఒకే పెద్ద ట్రేలో, చేయనివాటిని మరో ట్రేలో పోస్తే, తేడా మందు వల్లా, ట్రే వల్లా అన్నది ఎన్ని వేల గింజలు పోసినా తేలదు.