సొసైటీ రిజిస్ట్రేషన్: బైలాస్, సభ్యుల జాబితా, అడ్రస్ ప్రూఫ్‌ చుట్టూ ఉన్న అపోహలు

సొసైటీ పెట్టుకుందామని వచ్చేవాళ్ల ఫైల్లో నేను ముందు తెరిచి చూసేది బైలాస్, అంటే సంఘం నడిచే నియమాలు. చాలాసార్లు అవి ఇంకో సంఘం బైలాసే అయి ఉంటాయి. పైన పేరు మాత్రం మార్చి ఉంటుంది. ఒక్కోసారి మూడో పేజీలో పాత సంఘం పేరు అలాగే మిగిలిపోతుంది కూడా. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ రిజిస్ట్రేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర జరుగుతుంది. ఈ పని మీద రోజూ వినే మాటల్లో కొన్నిటి సంగతి చెబుతాను.

అపోహ: బైలాస్ లాంఛనమే. తప్పుంటే రిజిస్ట్రారే వెనక్కి పంపిస్తారు.

రిజిస్ట్రార్ ఆఫీసు చూసేది చట్టం అడిగిన అంశాలు ఉన్నాయా లేవా అన్నది. సభ్యత్వం ఎలా ఇస్తారు, కమిటీని ఎలా ఎన్నుకుంటారు, సర్వసభ్య సమావేశం ఎప్పుడు, కోరం ఎంత, లెక్కలు ఎవరు చూస్తారు, సంఘం రద్దయితే ఆస్తి ఏమవుతుంది లాంటివి. అవి మీ సంఘానికి సరిపోతాయా అని ఆలోచించే బాధ్యత మాత్రం మీదే. సరిపోని నియమానికి కూడా సర్టిఫికెట్ వచ్చేస్తుంది. దాని ఇబ్బంది రెండు మూడేళ్లకు బయటపడుతుంది.

ఒక గ్రంథాలయ సంఘం సంగతి చెబుతాను. తొమ్మిది మంది కలిసి పెట్టారు. ఎక్కడినుంచో తెచ్చుకున్న బైలాస్‌లో కోరం ఇలా ఉంది: మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది హాజరు కావాలి. తొమ్మిది మందిలో ఆరుగురు రావడం కష్టమేమీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సంఘం బాగా నడిచింది, సభ్యులు 140 మంది అయ్యారు. అప్పుడు కోరానికి 94 మంది కావాలి. సమావేశానికి వచ్చేది నలభై మంది. ఒక ఏడు వాయిదా, మరుసటి ఏడు మళ్లీ వాయిదా. ఈలోగా కోశాధికారికి బదిలీ అయింది. బ్యాంకులో సంతకం మార్చాలని వెళితే, కొత్త కోశాధికారిని ఎన్నుకున్న తీర్మానం తెమ్మన్నారు. ఆ ఎన్నిక జరగాలంటే సర్వసభ్య సమావేశం కావాలి, దానికి కోరం లేదు. పోనీ కోరం నియమాన్నే మారుద్దామంటే, బైలాస్ సవరించాల్సిందీ సర్వసభ్య సమావేశమే.

నా దగ్గరికి వచ్చేసరికి కమిటీ గడువు ఇంకో మూడు నెలలే మిగిలింది. దారి కూడా ఆ బైలాస్‌లోనే దొరికింది. చందా ఏడాది దాటి కట్టనివారికి నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే సభ్యత్వం తీసేయవచ్చని ఒక వాక్యం ఉంది. అందరికీ నోటీసులు పంపారు, గడువు ఇచ్చారు, రిజిస్టర్‌లో రాసుకున్నారు. చివరికి మిగిలిన సభ్యులు 61 మంది. కోరానికి 41 మంది చాలు. కమిటీవాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, 44 మంది వచ్చారు. ఎజెండాలో మొదటి అంశంగా కోరం సవరణ, ఆ తర్వాతే ఎన్నిక పెట్టించాను. సవరణ కాగితాలు రిజిస్ట్రార్ దగ్గర నమోదయ్యేదాకా పాత నియమమే చెల్లుతుంది కాబట్టి ఆ రోజు రెండు పనులూ పాత కోరంతోనే పూర్తిచేశారు.

ఇప్పుడు వాళ్ల బైలాస్‌లో మూడింట ఒక వంతు హాజరు చాలు. అరగంట చూసినా అంతమంది రాకపోతే, అదే రోజు అరగంట తర్వాత వచ్చినవారితోనే సమావేశం జరపవచ్చు. అయితే బైలాస్ మార్చడానికీ సంఘాన్ని రద్దు చేయడానికీ ఆ వెసులుబాటు లేదు. చాలామంది మరచిపోయే మినహాయింపు ఇదే. అది లేకపోతే పదిమంది కూర్చుని సంఘాన్నే మార్చేయగలరు.

అపోహ: ఏడుగురి పేర్లు కావాలి కాబట్టి ఏ ఏడుగురైనా సరే.

చట్టం కనీసం ఏడుగురిని అడుగుతుంది, నిజమే. కానీ సంఘం పేరు, ఉద్దేశాలు రాసుకునే మెమోరాండం మీద సంతకం అంటే ఈ సంఘాన్ని మేం పెడుతున్నామని చెప్పడం. సమయానికి ఊళ్లో లేని బావగారి బదులు ఆయన తమ్ముడు సంతకం పెట్టిన ఫైలు నేను చూశాను. రెండేళ్లకు డబ్బు విషయంలో తగాదా వచ్చింది. ఆ బావగారు, "ఈ సంఘమే నాకు తెలియదు, ఈ సంతకం నాది కాదు" అన్నారు. అక్కడితో సంఘం పుట్టుకే ప్రశ్నలో పడింది. సంతకాలన్నీ ఒకేచోట, సాక్షుల ఎదురుగా పెట్టించండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా ఆధార్‌లో ఉన్నట్టే జాబితాలో ఉండాలి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక రాస్తే దరఖాస్తు వెనక్కి రావడం మామూలే.

అపోహ: ఆఫీసుకు సొంత బిల్డింగ్ ఉండాలి.

అక్కర్లేదు. అద్దె గది అయినా సరిపోతుంది, ఒక సభ్యుడి ఇంట్లో ముందు గది అయినా సరిపోతుంది. ఇంటి యజమాని తన ఇంటి చిరునామాను సంఘం కార్యాలయంగా వాడుకోవడానికి అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి. దానికి ఇంటి పన్ను రసీదో కరెంటు బిల్లో జతచేయాలి. అద్దె ఇల్లయితే అద్దెకున్న మనిషి రాసిన కాగితం సరిపోదు. యజమానిదే కావాలి.

తిప్పలు వచ్చేది డోర్ నంబర్ దగ్గర. మెమోరాండంలో 4-7-12 అని, కరెంటు బిల్లులో 4-7-12/ఎ అని ఉన్న ఫైలు రెండుసార్లు తిరిగి వచ్చింది. ఆ ఇంటికి మేడ మీద ఇంకో మీటర్ ఉండటమే కారణం. ఇంకో సందర్భంలో బిల్లు చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది, అభ్యంతరం లేదని రాసింది కొడుకు. దరఖాస్తుకు ముందు మెమోరాండం, యజమాని ఇచ్చిన కాగితం, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి, పేరూ నంబరూ అక్షరం అక్షరం చదవండి. ఐదు నిమిషాల పని. తర్వాత ఆఫీసు వేరే ఇంటికి మారితే రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి. లేకపోతే నోటీసులు పాత ఇంటికే వెళ్తాయి.

అపోహ: ట్రస్టయినా సొసైటీ అయినా ఒకటే.

ట్రస్టుకు డీడ్ రాసి, స్టాంపు కట్టి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకుంటారు. అక్కడ నమోదయ్యేది ఆ దస్తావేజు. అందులో ఏడుగురి నియమం లేదు, ఏటా ఎన్నికలూ ఉండవు. డీడ్ రాసినవారు ట్రస్టీలను ఎలా నియమించమంటే అలాగే. నాన్నగారి పేరున కొంత ఆస్తి పక్కన పెట్టి సాయం చేయాలనుకునే కుటుంబానికి అది కుదురుతుంది. అందరూ చందా కట్టి, అందరూ ఓటు వేయాల్సిన కాలనీకి సొసైటీయే. పన్ను మినహాయింపు మాత్రం రెండింటికీ దానంతట అది రాదు, ఆదాయపు పన్ను శాఖకు విడిగా దరఖాస్తు పెట్టాలి.

అపోహ: గొడవ వస్తే రిజిస్ట్రార్ తేలుస్తారు.

రెండు వర్గాలు రెండు కమిటీ జాబితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లడం నేను చూస్తూనే ఉంటాను. ఎవరి ఎన్నిక సరైనదో తేల్చే అధికారం అక్కడ లేదు. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వానికైనా వెళ్లాలి, లేదా జిల్లా కోర్టుకైనా వెళ్లాలి. కోర్టులో మొదట తెరిచేది బైలాస్, ఆ తర్వాత సమావేశాల మినిట్స్ పుస్తకం. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ జాబితాను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసిన వర్గం చేతిలో కనీసం తేదీ వేసిన కాగితం ఉంటుంది.