మూడు నూలు మిల్లుల రేషియోలు పక్కపక్కన పెడితే: అపోహలు - వాస్తవాలు

కంపెనీలను పోల్చేటప్పుడు రేషియోలను మూడు గుంపులుగా పెట్టుకుంటాం: చేతిలో డబ్బు ఆడుతోందా, అప్పు ఎంత, లాభం ఎంత. ఒక గుంపులో కనిపించిన తేడాకు కారణం చాలాసార్లు పక్క గుంపులో దొరుకుతుంది. కింది అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. మూడూ పత్తి కొని నూలు తీసే మిల్లులే, లెక్కలు మార్చి 31 నాటివి. అప్పు-ఈక్విటీ మాత్రం ఆయా మిల్లుల లెక్కల వెంట ఇచ్చే నోట్స్‌లో అచ్చయిన అంకె, మిగతావి స్టేట్‌మెంట్ల నుంచి లెక్కగట్టినవి. ఈక్విటీ అంటే వాటాదారుల సొమ్ము, ఆర్‌ఓఈ అంటే ఆ సొమ్ము మీద వచ్చిన నికర లాభం శాతం. ఆర్‌ఓసీఈ అంటే అప్పుతో కలిపి వాడిన మొత్తం సొమ్ము మీద వడ్డీకి, పన్నుకు ముందు వచ్చిన లాభం శాతం. వడ్డీ కవరేజీ అంటే ఆ లాభం ఏడాది వడ్డీకి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె.

| | మిల్లు 1 | మిల్లు 2 | మిల్లు 3 |
|---|---|---|---|
| కరెంట్ రేషియో | 1.8 | 1.3 | 1.4 |
| క్విక్ రేషియో | 0.6 | 0.8 | 0.7 |
| అప్పు-ఈక్విటీ | 0.4 | 0.4 | 0.8 |
| వడ్డీ కవరేజీ | 3.0 | 6.3 | 4.2 |
| ఆర్‌ఓఈ | 18% | 16% | 20% |
| ఆర్‌ఓసీఈ | 16.4% | 18.1% | 19.4% |

అపోహ: కరెంట్ రేషియో ఎంత ఎక్కువుంటే అంత భద్రం.

వాస్తవం: మిల్లు 1 దగ్గర కరెంట్ ఆస్తులు 180 కోట్లు, ఏడాదిలోపు కట్టాల్సినవి 100 కోట్లు. 1.8 వచ్చింది నిజమే. కానీ ఆ 180లో 120 కోట్లు గోదాములో ఉన్న పత్తి, నూలు. సరుకు తీసేస్తే మిగిలేది 60, అంటే క్విక్ రేషియో 0.6. పత్తి అక్టోబరు నుంచి మార్కెట్‌కు వస్తుంది కాబట్టి మిల్లులు సీజన్‌లోనే కొని పెట్టుకుంటాయి. మార్చి ఆఖరుకు నిల్వ బాగా పేరుకుని ఉంటుంది, దాని కోసం తీసుకున్న బ్యాంకు అప్పూ అలాగే ఉంటుంది. పత్తి ధర పడిపోతే సరుకు విలువ తగ్గుతుంది, అప్పు మాత్రం తగ్గదు. లిస్టయిన కంపెనీ అయితే సెప్టెంబరు 30 నాటి ఆస్తి-అప్పుల పట్టీ కూడా ఇస్తుంది. నిల్వ ఖాళీ అయ్యే ఆ సమయంలో రేషియో ఎలా ఉందో చూస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది.

అపోహ: కంపెనీలే రేషియోలు అచ్చు వేస్తున్నాయి, వాటినే తెచ్చి పోల్చుకోవచ్చు.

వాస్తవం: కంపెనీల చట్టం షెడ్యూల్ 3కి 2021లో చేసిన సవరణ వల్ల 11 రేషియోలను నోట్స్‌లో చూపాలి, గతేడాదితో 25 శాతానికి మించి తేడా వస్తే కారణం రాయాలి. అయితే ఆ షెడ్యూల్ ఫార్ములాలు ఇవ్వలేదు. పైన ఏం వేశారు, కింద ఏం వేశారు అనేది కంపెనీయే వివరించాలి. అందుకే అంకె కంటే ముందు ఆ వివరణ చదవాలి.

పట్టికలో మొదటి రెండు మిల్లులకూ 0.4 ఉంది చూడండి. మిల్లు 2 మొత్తం అప్పు 60 కోట్లను 150 కోట్ల ఈక్విటీతో భాగించింది. మిల్లు 1 దీర్ఘకాలిక అప్పు 40 కోట్లనే లెక్కలోకి తీసుకుంది, పత్తి కొనడానికి వాడిన 80 కోట్ల స్వల్పకాలిక అప్పును వదిలేసింది. రెండూ కలిపి 100 కోట్ల ఈక్విటీతో భాగిస్తే 1.2 వస్తుంది. ఈ సందేహం ముందే రావాలి: అప్పు ఒకేలా ఉంటే వడ్డీ కవరేజీ ఒకచోట 3, మరోచోట 6.3 ఎందుకుంది?

పాత ఏళ్లతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. దీర్ఘకాలిక అప్పులో ఏడాదిలోపు కట్టాల్సిన వాయిదాలను ఆ సవరణకు ముందు ‘ఇతర కరెంట్ లయబిలిటీస్’లోనో, ‘ఇతర ఫైనాన్షియల్ లయబిలిటీస్’లోనో చూపేవారు, ఇప్పుడు స్వల్పకాలిక అప్పుల్లో చూపుతున్నారు. పాత బ్యాలెన్స్ షీట్ నుంచి ఆ మొత్తాన్ని వెతికి అప్పులో కలపకపోతే, కంపెనీ కొత్తగా అప్పు చేసినట్టు కనిపిస్తుంది.

అపోహ: ఆర్‌ఓఈ ఎక్కువున్న కంపెనీయే బాగా నడుస్తోంది.

వాస్తవం: మిల్లు 1 ఆర్‌ఓఈ 18%, మిల్లు 2ది 16%. ఆర్‌ఓసీఈకి వచ్చేసరికి వరుస తిరగబడింది. మిల్లు 1 వడ్డీకి, పన్నుకు ముందు 36 కోట్లు సంపాదించింది, అందుకు వాడిన సొమ్ము అప్పుతో కలిపి 220 కోట్లు. మిల్లు 2 210 కోట్లతోనే 38 కోట్లు తెచ్చింది. మిల్లు 1 వాటాదారులకు ఎక్కువ శాతం వచ్చిందంటే అది అప్పు చలవే. ఏడాది బాగోకపోతే అదే అప్పు ఎదురు తిరుగుతుంది.

ఇక అన్నిటికంటే ముందున్న మిల్లు 3 సంగతి. దాని పన్నుకు ముందు లాభం 16 కోట్లలో 8 కోట్లు స్థలం అమ్మగా వచ్చినవి. ఇలాంటి రాబడి లాభనష్టాల పట్టీలో ‘ఎక్సెప్షనల్ ఐటమ్స్’ కింద ఉంటుంది, ఒక్కోసారి ‘ఇతర ఆదాయం’ నోట్‌లో కలిసిపోయి ఉంటుంది. దాన్ని తీసేసి, పన్ను 25 శాతంగా వేసుకుంటే నికర లాభం 12 నుంచి 6 కోట్లకు దిగుతుంది. 60 కోట్ల ఈక్విటీ మీద ఆర్‌ఓఈ 10%, ఆర్‌ఓసీఈ 12%, వడ్డీ కవరేజీ 2.6. మూడింటిలోనూ చివరి స్థానం.

అపోహ: మార్చి 31 నాటి అప్పే ఆ ఏడాది అప్పు.

వాస్తవం: ఏడాది ముగిసే ముందు అప్పు తీర్చి, ఏప్రిల్‌లో మళ్లీ తీసుకునే వీలుంది. పట్టుకోవడానికి చిన్న లెక్క చాలు: ఏడాది వడ్డీ ఖర్చును, మొదట్లో, చివర్లో ఉన్న అప్పుల సగటుతో భాగించండి. మిల్లు 1కు ఇది 10 శాతం దగ్గర ఉంటే మామూలే. ఎక్కడైనా 25, 30 శాతం వస్తే, బ్యాంకు ఆ రేటుకు ఇవ్వదు కాబట్టి ఏడాది మధ్యలో అప్పు బ్యాలెన్స్ షీట్‌లో కనిపించినదానికంటే చాలా ఎక్కువగా ఉండి ఉండాలి. అయితే ఫైనాన్స్ కాస్ట్ నోట్ తెరిచి, బ్యాంకు చార్జీలు, లీజు వడ్డీ అందులో కలిశాయేమో చూశాకే ఆ మాట అనాలి.