సిస్టమ్ ఆగిపోయిందంటే ఏం జరిగినట్టు?

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. పాలిషింగ్ షెడ్డు పక్కనే ఉన్న గదిలో బిల్లులు కొట్టే కంప్యూటర్ ఉంది. "అన్నా, మధ్యాహ్నం అయ్యేసరికి సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది" అని అక్కడి అకౌంటెంట్ ఫోన్ చేశాడు. అంతకుముందు ఇదే మాట విన్న మెకానిక్ ఒకాయన విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేసి వెళ్లాడు. రెండు రోజులకే కథ మొదటికొచ్చింది.

ఇలాంటప్పుడు ముందు అడగాల్సింది ఒక్కటే: దానంతట అదే లేచిందా, మీరు బటన్ నొక్కితే లేచిందా? "నేనే నొక్కాను" అన్నాడు. అయితే అది రీస్టార్ట్ కాదు. కంప్యూటర్ ఆఫ్ అయిపోయింది, ఆయన మళ్లీ ఆన్ చేశాడు. ఈ చిన్న తేడాతో వెతకాల్సిన చోటే మారిపోతుంది.

దానంతట అదే మళ్లీ లేచి ఉంటే మొదటి అనుమానం క్రాష్ మీదకు పోవాలి. విండోస్‌లోనే కోలుకోలేని తప్పు జరిగితే నీలం తెర వస్తుంది. ఆ వెంటనే కంప్యూటర్ తనంతట తాను రీబూట్ అయ్యేలా ముందే సెట్ చేసి ఉంటుంది కాబట్టి, ఆ తెర కొన్ని సెకన్లలో మాయం కావచ్చు. టీకి వెళ్లొచ్చిన మనిషికి కనిపించేది రీబూట్ మాత్రమే. అసలు జరిగింది క్రాష్, రీబూట్ దాని తర్వాతి అడుగు. ఒక్క ప్రోగ్రామే మూసుకుపోయి మిగతావన్నీ మామూలుగా నడుస్తుంటే అదీ క్రాషే, కానీ ఆ ప్రోగ్రామ్ వరకే. చెప్పేటప్పుడు ఏ ప్రోగ్రామ్ అన్నది తప్పకుండా చెప్పాలి.

హ్యాంగ్ అవడం, అంటే ఫ్రీజ్, ఇంకో దారి. కరెంటు ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతుంటుంది, తెర మీద బొమ్మ అలాగే నిలబడిపోతుంది. ఒక విండో సుమారు 5 సెకన్ల పాటు పలకకపోతే దాని పేరు పక్కన `Not Responding` అని విండోస్ రాస్తుంది. అంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే బిగుసుకుంది, కాసేపు ఆగితే తేరుకోనూ వచ్చు. మొత్తం కంప్యూటరే బిగుసుకుందా అని అనుమానమొస్తే కీబోర్డు మీద `Caps Lock` నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ ఇంకా మీ మాట వింటున్నట్టే. అసలు కదలకపోతే చాలావరకు పూర్తి ఫ్రీజ్ అనే అనుకోవచ్చు.

మన అకౌంటెంట్ దగ్గర ఇవేవీ లేవు. టైపు చేస్తుండగానే తెర నల్లబడింది. ఏ మెసేజీ రాలేదు. ఫ్యాన్ చప్పుడు కూడా ఆగిపోయింది, కానీ మానిటర్ లైటు వెలుగుతూనే ఉంది. రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి గదిలో కరెంటు పోలేదని తేలింది. వెంటనే ఆన్ చేస్తే కొన్ని నిమిషాలే నిలుస్తోంది, భోజనం చేసి వచ్చి ఆన్ చేస్తే ఎక్కువసేపు నడుస్తోంది. చల్లారితే నడుస్తోందంటే వేడి వల్లేనని గట్టి అనుమానం. క్యాబినెట్ విప్పితే ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్ సింక్ రేకుల మధ్య గ్రానైట్ పొడి అట్టకట్టి ఉంది. గాలి దూరే సందు లేదు.

చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే ముందు తమ వేగం తగ్గించుకుంటాయి. "ఆఫ్ అయ్యే ముందు బిల్లు నెమ్మదిగా తెరుచుకుంటోంది" అని ఆయన చెప్పింది అందుకే. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా హార్డ్‌వేరే పవర్ కోసేస్తుంది. విండోస్‌కు ఫైళ్లు సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. మనం మెనూలోంచి చేసే షట్‌డౌన్‌కూ దీనికీ అదే తేడా.

మళ్లీ ఆన్ అయ్యాక, జరిగినవాటిని విండోస్ రాసిపెట్టుకునే లాగ్ చూపించే `eventvwr.msc` తెరిస్తే `Kernel-Power` పేరుతో 41 నంబరు నమోదు కనిపిస్తుంది. ముందుసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని దాని అర్థం. వివరాల్లో `BugcheckCode` దగ్గర సున్నా కాకుండా వేరే నంబరు ఉంటే నీలం తెర వచ్చినట్టు. ఇక్కడ సున్నా ఉంది. అయితే కరెంటు పోయినా సున్నానే వస్తుంది, హ్యాంగ్ అయిందని మనమే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసినా సున్నానే రావచ్చు. అందుకే లాగ్ ఎంత చెప్పినా, ఆ క్షణంలో ఫ్యాన్ తిరుగుతోందా, మానిటర్ లైటు ఉందా అన్నది పక్కన కూర్చున్న మనిషే చెప్పాలి.

పొడి ఊది, థర్మల్ పేస్ట్ కొత్తది రాశాక ఆఫ్ అవడం ఆగింది. తర్వాత ప్రింటర్ ఏదో సతాయిస్తే "షట్‌డౌన్ చేసి ఆన్ చేశానన్నా, పోలేదు" అని మళ్లీ ఫోన్. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం డిస్క్‌లో దాచి ఉంచి, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. డ్రైవర్ మొరాయించి ఉంటే ఆ మొరాయింపు కూడా దాంతోపాటే తిరిగి రావచ్చు. మెనూలో `Restart` నొక్కితేనే అంతా మొదటినుంచి లోడ్ అవుతుంది. నొక్కింది `Restart` కాదు, `Shut down` అని ఆయన విడమరిచి చెప్పబట్టి ఈసారి పని ఫోన్లోనే అయిపోయింది.