జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: బండి కొత్తదే కాబట్టి జీరో డెప్ అవసరం లేదు.

వాస్తవం: వాహన నష్టాలను అంచనా వేసే సర్వేయర్‌గా నేను తరచుగా వినే మాట ఇది. జీరో డెప్ అంటే, భాగాల వాడకం వల్ల తగ్గిన విలువను, అంటే తరుగుదలను, క్లెయిమ్‌లో కోత కోయకుండా చెల్లించే అదనపు రక్షణ. సాధారణ పాలసీలో ఇనుప భాగాలకు తరుగుదల బండి వయసును బట్టి పెరుగుతుంది గానీ, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మొదటి రోజు నుంచే 50 శాతం కోత ఉంటుంది. నేటి కార్లలో ముందుగా దెబ్బతినేది ఆ ప్లాస్టిక్ భాగాలే.

ఉదాహరణకు, మూడున్నరేళ్ల చిన్న కారు ముందు భాగం దెబ్బతిని, బిల్లు 32,000 రూపాయలు అయిందనుకుందాం. బంపర్ 6,000, హెడ్‌లైట్ 10,000. ఈ రెండింటిలో సగం, అంటే 8,000 కోత పడుతుంది. 4,000 రూపాయల ఇనుప ఫెండర్‌పై 25 శాతం చొప్పున 1,000 పోతుంది. పెయింటింగ్ బిల్లు 8,000లో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కించి, అందులో సగం, అంటే మరో 1,000 తగ్గిస్తారు. మిగిలిన 4,000 కూలి; దానికి కోత లేదు. మొత్తం కోత 10,000 రూపాయలు. జీరో డెప్ ఉంటే ఈ మొత్తం మిగులుతుంది. అయినా ప్రతి క్లెయిమ్‌లో యజమాని తప్పనిసరిగా భరించవలసిన మొత్తం, 1,500 సీసీ లోపు కార్లకు కనీసం 1,000 రూపాయలు, చేతి నుంచే పోతుంది. చాలా పాలసీలు ఏడాదికి రెండు క్లెయిమ్‌లకే జీరో డెప్‌ను పరిమితం చేస్తాయి. మొదటి ఐదేళ్లూ ఇది తీసుకోదగినదే.

అపోహ: వరద నష్టం పాలసీలో ఉంది కాబట్టి ఇంజన్‌కూ రక్షణ ఉన్నట్టే.

వాస్తవం: మునిగిన కారు సీట్లకు, వైరింగ్‌కు సాధారణ పాలసీ వర్తిస్తుంది. అయితే నీళ్లలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొడితే, సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుకుపోక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్ని వరద వల్ల కాక, ఆ తర్వాతి చర్య వల్ల కలిగిన నష్టంగా పరిగణించి తిరస్కరిస్తారు. తడిసిన ఎయిర్ ఫిల్టర్, పాలు కలిపిన టీ రంగుకు మారిన ఆయిల్, వంగిన రాడ్ కలిసి కనిపిస్తే జరిగినది మాకు అర్థమవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తింది. అలాంటి లోతట్టు ప్రాంతాల్లో, సెల్లార్ పార్కింగ్‌లో బండి ఉంచేవారు ఇలాంటి ఇంజన్ నష్టానికి వర్తించే అదనపు రక్షణ అయిన ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. అయితే కొన్ని పాలసీలు మునిగాక స్టార్ట్ చేసిన బండికి ఈ రక్షణనూ నిరాకరిస్తాయి గనుక, తాళం తిప్పకుండా టోయింగ్‌కు ఫోన్ చేయాలి.

అపోహ: రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అందరికీ అవసరం.

వాస్తవం: కొత్త కార్లకు తయారీ సంస్థలే వారంటీతో పాటు ఈ సేవను తరచుగా ఇస్తాయి, ముందు ఆ కాగితం చూడండి. అది ముగిసిన బండిపై దూర ప్రయాణాలు చేసేవారికి ఉపయోగమే. టోయింగ్ దూరపు పరిమితిని మాత్రం పాలసీలో చదవాలి, ఎందుకంటే అది దాటిన ప్రతి కిలోమీటరుకూ డబ్బు మీరే చెల్లించాలి.