కిరాణా దుకాణంలో అరల అమరిక: అపోహలు - వాస్తవాలు

మా దుకాణం 16 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు. చాలా ఏళ్లు బల్లకు అవతల కొనేవాళ్లు, ఇవతల మేము. తర్వాత బల్ల తీసేసి, ఎవరికి కావలసింది వాళ్లే తీసుకునేలా అరలు కట్టించాము. ఏ సరుకు ఎక్కడ పెడితే నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయో ఆ తర్వాతే నేర్చుకోవలసి వచ్చింది. ఈ మధ్య ఇలా మార్చుకుంటున్న చిన్న దుకాణదారులు చాలామంది అడుగుతున్నారు. వాళ్ల నోట తరచుగా వినే మాటలతోనే మొదలుపెడతాను.

అపోహ: ఎక్కువ మార్జిన్ ఉన్న సరుకును మంచి చోట పెట్టాలి

మార్జిన్ శాతం ఒక్కటే చూస్తే మోసపోతాము. 200 రూపాయల తేనె సీసా మీద 25 శాతం, అంటే 50 రూపాయలు మిగులుతుందనుకోండి. అది పట్టే అడుగు స్థలంలో నెలకు మూడు సీసాలు అమ్మితే వచ్చేది 150 రూపాయలు. అదే అడుగులో 10 రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు ఉంటే ఒక్కోదాని మీద మిగిలేది రూపాయే. కానీ నెలకు 240 పోతే 240 రూపాయలు వస్తాయి. కాబట్టి లెక్క వేయవలసింది అడుగు స్థలం నెలకు ఎన్ని రూపాయలు ఇస్తోందని.

ఆ లెక్క కూడా సగమే. రెండో సగం ఏమిటంటే, చోటు మారితే ఆ సరుకు అమ్మకం మారుతుందా? నేను సరుకును రెండుగా చూస్తాను. ఒకటి అడిగి కొనేది. ఉప్పు, పంచదార, నూనె, బట్టల సబ్బు ఇంట్లో అయిపోతేనే మనిషి వస్తాడు, ఏ మూలనున్నా తీసుకువెళతాడు. రెండోది చూసి కొనేది. ఇంగువ, తేనె, ఎండు ద్రాక్ష, కొత్త రకం పచ్చడి కంటపడితేనే గుర్తొస్తాయి. మంచి చోటు మీద హక్కు ఈ రెండో రకానికే, అందులోనూ మిగులు బాగా ఉన్నదానికి.

మా ఇంగువ సంగతి చెబుతాను. మొదట మసాలాల అరలో పైన ఉండేది, నెలకు ఆరేడు డబ్బాలు పోయేవి. డబ్బాకు 15 రూపాయలు మిగిలేది. కందిపప్పు అర పక్కన, ఛాతీ ఎత్తులో ఉప్పు ప్యాకెట్లు ఉండేవి. ఉప్పును అట్టడుగు అరకు దించి, ఆ అరడుగు చోటులో ఇంగువ, దాని పక్కనే చింతపండు పెట్టాను. సాంబారుకు పప్పు తీసుకునే చెయ్యి ఇంగువ దగ్గర ఆగుతుందని నా ఆలోచన. ఆ నెలలో 19 డబ్బాలు పోయాయి. మూడింతలైందని సంబరపడ్డాను కానీ అది కార్తీకమాసం. ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లలో ఇంగువ వాడకం ఎలాగూ పెరుగుతుంది. నెల మారాక డబ్బాలను పాత చోటికే తిప్పి పెట్టి చూస్తే 7 పోయాయి. మళ్లీ పప్పు పక్కకు తెస్తే 14. అంటే చోటు వల్ల పెరిగింది రెండింతలే, నెలకు 105 రూపాయలు. ఉప్పు అమ్మకం మాత్రం ఒక్క ప్యాకెట్ కూడా తగ్గలేదు.

ఇలా అటూ ఇటూ మార్చి లెక్కపెట్టకుండా అమరిక బాగుందని అనుకోవద్దు. పండగ, నెల మొదటి వారం, జీతాల రోజు ఇవన్నీ లెక్కను తప్పుదారి పట్టిస్తాయి.

అపోహ: నిత్యావసరాలు వెనక పెడితే జనం దుకాణమంతా తిరుగుతారు

పెద్ద సూపర్ మార్కెట్లలో ఇది పనిచేస్తుంది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, సరుకులన్నీ దాటుకుంటూ వెళ్లే ఒకే దారి ఏర్పాటు చేశాడు. అక్కడ సరుకు తెచ్చిచ్చే గుమాస్తా లేడు, కాబట్టి నడవక తప్పదు. మన దుకాణాల్లో అడగడానికి మనిషి ఉన్నాడు. నేను నూనె ప్యాకెట్లు వెనక గోడకు చేర్చిన వారం, సగంమంది గుమ్మం దగ్గరే నిలబడి "రెండు ప్యాకెట్లు నూనె ఇవ్వండి" అన్నారు. కుర్రాడు పరుగెత్తి తెచ్చేవాడు. వాళ్లు ఒక్క అడుగు కూడా లోపలికి రాలేదు, పైగా కుర్రాడి పని పెరిగింది. 25 కిలోల బియ్యం బస్తా వెనకుంటే మోసుకొచ్చే శ్రమ వేరే.

చిన్న దుకాణంలో మనిషిని తిప్పడం కంటే, అతను ఎలాగూ నిలబడే చోట సరుకు పెట్టడం మేలు. తూకం వేసేదాకా, బిల్లు కట్టేదాకా అతని చూపు ఎటు పడుతుందో గమనించండి. మా దగ్గర తూకం బల్ల వెనక గోడ మీదే ఎక్కువ చూపులు ఆగుతాయి. గుమ్మం దాటిన మొదటి మూడు నాలుగు అడుగులు మాత్రం దాదాపు వృథా. ఎండలోంచి వచ్చి, చెప్పులు విడిచి, సంచి సర్దుకునే చోట ఎవరూ సరుకు చూడరు.

అపోహ: కంటి ఎత్తు అంటే ఐదడుగులు

అరల మధ్య దారి మూడు అడుగులే ఉంటే మనిషి అరకు దగ్గరగా నిలబడతాడు, చూపు కొంచెం కిందికి వాలుతుంది. మా దగ్గర బాగా అమ్మేది మూడున్నర నుంచి నాలుగున్నర అడుగుల మధ్య ఉన్న అర. మీ దగ్గర సరుకు కొనే మనిషిని నిలబెట్టి, అతని పక్కనే నిలబడి చూడండి.

అపోహ: కంపెనీ ఉచితంగా ఇచ్చే ర్యాక్ ఎప్పుడూ లాభమే

ఒక కంపెనీ తన ర్యాక్ ఇచ్చి, నెలకు 500 రూపాయలు ఇస్తామంది. బిల్లు బల్ల ఎదురుగా రెండు అడుగులు అడిగింది. మరో సరుకు దానిలో పెట్టకూడదని షరతు. అంతకుముందు ఆ చోట మేమే 100 గ్రాముల చొప్పున కట్టిన జీడిపప్పు, ఎండు ద్రాక్ష ప్యాకెట్లు ఉండేవి. వాటి మీద నెలకు దాదాపు 1,100 రూపాయలు మిగిలేది. ర్యాక్ వచ్చాక, 500తో పాటు ఆ కంపెనీ సరుకు మీద మిగిలినది కలిపినా 800 దాటలేదు. మూడు నెలల తర్వాత వెనక్కి ఇచ్చేశాను. ర్యాక్ తీసుకునే ముందు ఆ చోటు ఇప్పుడు ఎంత ఇస్తోందో రాసుకోండి.

లాభం బాగుందని కొత్త సరుకు మంచి చోట నింపేవాళ్లకు ఇంకో మాట. వారానికి ఒకసారి సీసా మూతల మీద వేలు రాయండి. దుమ్ము అంటితే అక్కడ అమ్మకం లేదని అర్థం. పాత తేదీ ఉన్నది ముందు వరుసకు తెచ్చి, నెలన్నర గడువు ఉండగానే డిస్ట్రిబ్యూటర్‌ను వాపసు అడగండి. గడువు తీరిన ఒక్క తేనె సీసా, మూడు సీసాల మీద వచ్చిన లాభాన్ని తినేస్తుంది.

అపోహ: చవక రకం కనపడకుండా పెడితే ఖరీదైనది కొంటారు

నేను ఇదీ చేసి చూశాను. చవక టీ పొడిని అట్టడుగున, డబ్బాల వెనక పెట్టాను. రోజూ కూలికి వెళ్లే ఒక పెద్దావిడ అరలన్నీ వెతికి, "మాకు కావలసింది ఉంచడం మానేశారా అయ్యా?" అని వెళ్లిపోయింది. తర్వాత రెండు వారాలు రాలేదు. ఆవిడ టీ పొడితో పాటు బియ్యం, పప్పు, సబ్బులు కూడా మా దగ్గరే కొనేది. ఇప్పుడు ఖరీదైన రకం ఛాతీ ఎత్తులో, చవకది సరిగ్గా దాని కింద అరలో, ధర కనపడేలా ఉంటుంది. వంగకుండానే అందుతుంది. రెండూ పక్కపక్కన చూసి, పండగ రోజుల్లో ఆవిడే ఒక్కోసారి పై అర మీద చెయ్యి వేస్తుంది.