థ లో చుక్క ఎక్కడికి పోయింది? లోగోను ఎస్‌వీజీగా మార్చడంలో అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బ్రహ్మోత్సవాలు దగ్గర పడితే మాలాంటి డీటీపీ షాపుల్లో కుర్చీ ఖాళీ ఉండదు. ఆ రోజుల్లోనే ఇత్తడి దీపాలు అమ్మే ఒకాయన వచ్చారు. కొత్త లెటర్‌హెడ్డు, షాపు ముందు కట్టడానికి ఒక ఫ్లెక్సీ, అద్దం తలుపు మీదికి రేడియం స్టిక్కరు, ఈ మూడూ కావాలన్నారు. లోగో గుండ్రటి వలయం. మధ్యలో దీపం, దీపం చుట్టూ సన్నటి కిరణాలు, వలయం లోపల వంపుగా షాపు పేరు. పేరులో ‘నాథ’ అన్న మాట ఉంది. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఆయన దగ్గరున్నది వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన జేపీజీ, 640 పిక్సెళ్ల చదరం. దాంతో పాటు ఒక ఎస్‌వీజీ కూడా ఇచ్చి, “ఇది ఎంత పెద్దది చేసినా పగలదంట కదా బాబూ, మావాడు చేసిచ్చినాడు” అన్నారు. ఆ ఫైలు తెరిచి చూసిన దగ్గరి నుంచి నాకు పని మొదలైంది. ఈ పనిలో నేను రోజూ వినే అపోహలు దాదాపు అన్నీ ఆ ఒక్క లోగోలోనే దొరికాయి.

అపోహ: లెటర్‌హెడ్డు మీద బాగా వచ్చింది కాబట్టి ఫ్లెక్సీకి కూడా ఇదే జేపీజీ సరిపోతుంది.

లెటర్‌హెడ్డు మీద లోగో ఒక అంగుళం ఉంటుంది. ఆ అంగుళంలో 640 పిక్సెళ్లు పడుతున్నాయి. ఆఫ్‌సెట్ ముద్రణకు మామూలుగా 300 చాలు, అంటే ఇక్కడ అవసరానికి రెట్టింపు ఉన్నాయి, అందుకే బాగుంది. అదే లోగో ఫ్లెక్సీ మీద అయిదడుగులు, అంటే 60 అంగుళాలు. అంగుళానికి పదకొండు పిక్సెళ్లు కూడా రావు. ఒక్కో పిక్సెల్ దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల గడి అవుతుంది. ఫొటోషాప్‌లో డీపీఐ పెంచితే ఆ గడుల అంచులు మసకబారతాయే గాని లేని గీత పుట్టుకురాదు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అపోహ: ఫైలు పేరు చివర .svg ఉంటే అది వెక్టరే.

వెక్టర్ అంటే పిక్సెళ్లతో కాకుండా గీతలు, ఆకారాలతో రాసిన బొమ్మ. పెద్దాయన తెచ్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. లోపల ఇలా ఉంది:

```
<image width="640" height="640"
 href="data:image/jpeg;base64,/9j/4AAQ...
```

ఆ తర్వాత అర్థంకాని అక్షరాలు పేజీలకు పేజీలు. అంటే పాత జేపీజీనే ఎస్‌వీజీ అనే కవరులో పెట్టి అంటించారన్నమాట. `<image` అనే మాట, దాని వెనక `base64` కనిపిస్తే లోపల బొమ్మ అలాగే కూర్చుని ఉందని అర్థం. నిజమైన వెక్టర్‌లో `<path`, `<circle` లాంటివి ఉంటాయి.

ఇంకో రకం కూడా చూస్తుంటాను. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాములో ట్రేస్ చేసినప్పుడు, అంటే పిక్సెళ్ల బొమ్మ నుంచి గీతలు తీయించినప్పుడు, కొత్త గీతలు పాత బొమ్మ పైన వచ్చి కూర్చుంటాయి. అడుగున ఉన్న జేపీజీని తీయడం మరిచిపోయి అలాగే సేవ్ చేసేస్తారు. అప్పుడు ఫైల్లో `<path` ఉంటుంది, `<image` కూడా ఉంటుంది. కాబట్టి ఒకటి కనిపించగానే సంబరపడకుండా రెండోదాని కోసం కూడా వెతకాలి.

అపోహ: ట్రేస్ బటన్ నొక్కితే పనైపోతుంది.

మా షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు ఆ జేపీజీని ఇంక్‌స్కేప్‌లో పెట్టి, `Trace Bitmap`లో రంగుల ట్రేస్ ఎంచుకుని నొక్కాడు. గీతలయితే వచ్చాయి. వాటి చుట్టూ దుమ్ము జల్లినట్టు వందల చుక్కలు కూడా వచ్చాయి. జేపీజీ కుదింపు అక్షరాల అంచుల దగ్గర వదిలే మరకలవి. కంటికి కనపడనంత లేత రంగులో ఉన్నా ట్రేసర్ వాటిని కూడా ఆకారాలే అనుకుంటుంది. వాడు `Speckles` అంకెను 20కి పెంచాడు. చుక్కలన్నీ పోయాయి. “అన్నా, సూడు, ఎంత శుభ్రంగా వొచ్చిందో!” అన్నాడు.

దూరం నుంచి బాగానే ఉంది. పేరు దగ్గరికి వెళ్లి చదివితే ‘నాథ’ కాస్తా ‘నాధ’ అయింది.

`Speckles` అంకెకు అర్థం, అన్ని పిక్సెళ్ల వైశాల్యం లోపు ఉన్న మచ్చలను తీసెయ్యమని. ఈ లోగోలో అక్షరం ఎత్తు 40 పిక్సెళ్లు. థ కడుపులోని చుక్క అడ్డంగా నాలుగు పిక్సెళ్లు, వైశాల్యం పన్నెండు పదమూడు. 20 అనేసరికి దుమ్ముతో పాటు అది కూడా ఊడ్చుకుపోయింది. ఇంగ్లిష్ లోగోలో ఇలా పోయేది మహా అయితే i మీది చుక్క, దాన్ని ఎవరైనా పట్టేస్తారు. మనకు థ, ధ, ఠ, ర పక్కపక్కనే ఉన్నాయి. చుక్క పోయినా మిగిలింది కూడా ఒక అక్షరమే కాబట్టి కన్ను దాటేస్తుంది.

నేను చేసేది వేరు. బొమ్మను ముందు నాలుగింతలు పెద్దది చేసి, ఆ తర్వాతే నలుపు తెలుపుగా మారుస్తాను. అక్షరం అంచున ఉండే బూడిదరంగు పిక్సెళ్లలోనే అసలు గీత ఎక్కడుందనే సమాచారం ఉంటుంది. చిన్న బొమ్మను నేరుగా నలుపు తెలుపు చేస్తే అది పోయి అంచు మెట్లుమెట్లుగా మారుతుంది. ముందు పెద్దది చేస్తే అది చాలావరకు నిలుస్తుంది. లేత దుమ్ము కూడా తెలుపులో కలిసిపోతుంది. ఇమేజ్‌మ్యాజిక్, పోట్రేస్ అనే ప్రోగ్రాములకు ఇచ్చే కమాండ్లు ఇవి:

```
magick logo.jpg -colorspace Gray -resize 400% \
  -threshold 50% logo.pbm
potrace -s -t 30 -o logo.svg logo.pbm
```

పోట్రేస్ అంటే ఇంక్‌స్కేప్ లోపల నలుపు తెలుపు ట్రేసింగ్ చేసే ప్రోగ్రామే. ఇక్కడ `-t` అంటే ఆ మచ్చల అంకె. నాలుగింతలు చేశాక చుక్క వైశాల్యం పదహారింతలై 200 దాకా వెళ్తుంది. కాబట్టి 30 పెట్టినా దానికి భయం లేదు. లోగోలో మెరూన్, బంగారు రంగు ఉన్నాయి. బంగారు రంగు లేతది కావడంతో ఈ దెబ్బకు తెలుపుతో పాటే పోయి మెరూన్ ఒక్కటే మిగిలింది. దీపం మంటను, కిరణాలను విడిగా చేతితో గీశాను.

ఇంత చేసినా ట్రేస్‌ను నేను చిత్తుకాగితంగానే చూస్తాను. వలయం మీద నొక్కి చూస్తే నలభైకి పైగా నోడ్లు, అంటే గీత వంపును పట్టి ఉంచే బిందువులు. ఒక అంగుళంలో గుండ్రంగానే ఉంటుంది, అయిదడుగుల్లో మాత్రం చేత్తో ఒత్తిన చపాతీలా కనిపిస్తుంది. సరైన వృత్తానికి నాలుగు నోడ్లు చాలు. అందుకే ట్రేస్ ఇచ్చిన వలయం చెరిపేసి నిజమైన వృత్తం పెట్టాను:

```
<svg xmlns="http://www.w3.org/2000/svg"
     viewBox="0 0 200 200">
  <circle cx="100" cy="100" r="94" fill="none"
          stroke="#7A1022" stroke-width="4"/>
</svg>
```

`viewBox` లేకుండా వెడల్పు, ఎత్తు మాత్రమే రాసి ఉన్న ఫైళ్లు కూడా వస్తుంటాయి. అలాంటివి వెబ్‌పేజీలో చిన్నవి చేస్తే బొమ్మ తగ్గదు, అంచులు తెగిపోతాయి.

అపోహ: అక్షరాలు టైపు చేసి సేవ్ చేస్తే అవీ వెక్టరే కదా.

పేరును ట్రేస్ చెయ్యడం కంటే అదే పోలికలున్న ఫాంటుతో మళ్లీ టైపు చెయ్యడమే మేలు. దీనికి రామభద్ర ఫాంటు దగ్గరగా కుదిరింది. కానీ టైపు చేసి వదిలేస్తే ఎస్‌వీజీలో ఉండేది అక్షరాల ఆకారం కాదు, ఫలానా ఫాంటుతో ఫలానా మాట రాయమన్న చీటీ మాత్రమే. ప్రెస్సు వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటుతో కొట్టినదైతే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఒకసారి పెళ్లి పత్రిక అలా ప్రూఫు దాకా వెళ్లింది. తప్పు నాదే.

అందుకని చివర్లో `Path > Object to Path` కొట్టి ఆకారాలుగా మార్చేస్తాం. ఆ తర్వాత అక్షరదోషం దిద్దలేం, కాబట్టి టైపు చేసిన ఫైలును వేరే పేరుతో దాచుకోవాలి. పేరును వంపు మీద పెట్టినప్పుడు ఒత్తులు తమ అక్షరం కింద నుంచి పక్కకు జరిగాయేమో ఒక్కొక్కటీ చూడాలి. జరిగితే చేత్తో సర్దుకోవడమే.

అపోహ: తెల్ల కాగితం మీద బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది.

కుర్రాడు చేసిన రంగుల ట్రేస్‌ను మెరూన్ రంగు ఫ్లెక్సీ డిజైన్ మీద పెట్టి చూశాం. లోగో వెనక తెల్లటి చదరం తేలింది. అది తీసేస్తే అక్షరాల సున్నాల్లో తెలుపు మిగిలింది. రంగుల ట్రేస్‌లో `Stack` ఆన్‌లో ఉంటే ఒక రంగు మీద ఇంకో రంగును పొరలుగా పేరుస్తుంది. సున్నా లోపల నిజంగా రంధ్రం ఉండదు, తెల్ల బిళ్ల అంటించి ఉంటుంది. తెల్ల కాగితం మీద ఆ తేడా తెలియదు. నలుపు తెలుపు ట్రేస్‌లో ఈ గొడవ లేదు, రంధ్రం రంధ్రంగానే వస్తుంది. బిళ్లలు ఉన్న ఫైలే చేతికొస్తే ఒక్కో బిళ్లను, దాని కింది ఆకారాన్ని కలిపి ఎంచుకుని `Path > Difference` కొట్టాలి. ఏ లోగో అయినా ఇచ్చేముందు దాని వెనక ఒక ముదురు ఆకుపచ్చ డబ్బా పెట్టి చూడడం నాకు అలవాటైపోయింది.

అపోహ: ఎస్‌వీజీ ఒక్కటి ఉంటే అన్ని సైజులకూ అదే.

ఆకారం పగలదు, నిజమే. కానీ గీత కూడా బొమ్మతో పాటే సన్నబడుతుంది. `viewBox`లో 200 పాళ్లుగా పెట్టిన ఈ లోగోలో కిరణాల మందం 0.6 పాలు. అయిదడుగుల ఫ్లెక్సీ మీద అది నాలుగున్నర మిల్లీమీటర్లు, చక్కగా ఉంటుంది. లెటర్‌హెడ్డు మీద 25 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 0.075 మిల్లీమీటర్లు, వెంట్రుక మందమే. దానికి తోడు బంగారు రంగు చుక్కల మిశ్రమంగా అచ్చవుతుంది కాబట్టి అంత సన్నటి గీత తునకలైపోతుంది. అందుకే లెటర్‌హెడ్డుకు వేరే ఫైలు చేశాను: పన్నెండు కిరణాలను ఆరు చేసి, మందం 1.6కు పెంచాను.

రంగు సంగతి కూడా ఇక్కడే. ఎస్‌వీజీలో రంగులు స్క్రీన్ రంగులు. ఆఫ్‌సెట్ వాళ్లకు నాలుగు ఇంకుల లెక్క, సీఎంవైకే కావాలి. అందుకని కోరల్‌డ్రాలోకి తెచ్చి, మెరూన్‌ను సీఎంవైకే అంకెల్లో పెట్టి పీడీఎఫ్ ఇచ్చాను. ఎస్‌వీజీ మూలంగా నా దగ్గరే ఉంటుంది.

ఫైలు శుభ్రంగా ఉందో లేదో అసలు పరీక్ష పెట్టేది రేడియం కటింగ్ అన్న. ఆయన మిషన్లో ఉండేది ఇంకు కాదు, బ్లేడు. ఎక్కడ పాత్ ఉంటే అక్కడ కోస్తుంది, ఒకదాని మీద ఒకటి రెండుంటే రెండుసార్లు కోస్తుంది. స్ట్రోకుగా, అంటే మందం ఇచ్చిన ఒంటి గీతగా ఉన్న వలయాన్ని మందం పట్టించుకోకుండా మధ్య గీత వెంట ఒక్కసారే కోసి వదిలేస్తుంది. అందుకే ఆయనకు పంపేముందు `Path > Stroke to Path` కొట్టి, అన్ని ఆకారాలనూ `Union`తో కలిపాను. కోత అయ్యాక ఆయన పిన్నుతో థ కడుపులోని చుక్కను ఎత్తి, “ఇది ఉండాల్నా, పీకేయాల్నా?” అని ఫోన్ చేశాడు.

ఉండాల్నన్నా, దానికోసమే కదా ఇంత యాతన.