సెమీకోలనా, కోలనా, డాషా? రెండు వాక్యాల మధ్య గుర్తు మీద అపోహలు - వాస్తవాలు

ద్వారకానగర్‌లో డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే సావనీర్లు, కథల పుస్తకాలు ప్రూఫ్ చూడటం నా పని. ఎర్ర పెన్ను ఎక్కువ తిరిగేది స్పెల్లింగుల మీద అనుకుంటారు గానీ కాదు, రెండు వాక్యాలు కలిసే చోట.

అపోహ: కామాకి ఒకటి లెక్కపెట్టాలి, సెమీకోలన్‌కి రెండు, కోలన్‌కి మూడు, అంటే ఎంతసేపు ఆగాలో చెప్పేవే ఈ గుర్తులు.

వాస్తవం: పైకి చదివేటప్పుడు ఆ లెక్క కొంత పనికొస్తుందేమో గానీ రాసేటప్పుడు దాన్ని నమ్ముకుంటే కష్టం. ఈ గుర్తులు చెప్పేది ముందు మాటకీ వెనక మాటకీ సంబంధం ఏంటో. ఒక ఉదాహరణ తీసుకుందాం, తుఫాను రోజుల్లో మన వైజాగ్‌లో ఎవరైనా రాసేదే:

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు.

ఫుల్‌స్టాప్ ఉంటే రెండు విడివిడి వార్తలు. దాని బదులు కోలన్ పెట్టండి: "బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి: పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు." ఇప్పుడు హెచ్చరిక వల్లే బోట్లు కదల్లేదని మీరు పూచీ పడుతున్నట్టు. అదే సెమీకోలన్ పెడితే, "బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి; పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు", రెండూ ఒకే పూట కనిపించిన విషయాలు, పక్కపక్కన పెట్టి చూపించారు, కారణం అదేనో కాదో పాఠకుడికే వదిలేశారు. బోట్లు డీజిల్ లేక ఆగాయేమో, మీకు తెలీనప్పుడు సెమీకోలనే నిజాయితీ.

నేను చేసే పరీక్ష ఒకటే, మధ్యలో ఒక మాట పెట్టి చూస్తా. "ఎందుకంటే" గానీ "ఏంటంటే" గానీ ఇమిడితే కోలన్. "ఇటు చూస్తే", "మరోపక్క" లాంటివి ఇమిడితే సెమీకోలన్. ఇప్పుడు వాక్యాలు తిరగేసి చూడండి, "మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు: బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి" అంటే కోలన్ నిలబడదు, ఎందుకంటే వెనక వచ్చింది ముందుదాన్ని విప్పి చెప్పట్లేదు, దాని ఫలితం చెప్తోంది. అక్కడ సెమీకోలన్ పెట్టి "అందుకే" కలపడమే హాయి.

అపోహ: వాక్యం పొడుగైతే మధ్యలో ఎక్కడో ఒక సెమీకోలన్ వేసేస్తే సరిపోతుంది.

వాస్తవం: తెలుగులో ఎక్కువగా తప్పు పోయేది ఇక్కడే. సెమీకోలన్‌కి రెండు పక్కలా దానంతటది నిలబడే వాక్యం ఉండాలి, అంటే మామూలుగా సమాపక క్రియతో ముగియాలి. "రాత్రంతా వాన పడి; జ్ఞానాపురంలో నీళ్లు నిలిచాయి" తప్పు, "పడి" దగ్గర వాక్యం ఇంకా వేలాడుతూనే ఉంది. "పడింది" అయితే సెమీకోలన్ పెట్టొచ్చు, "పడి" అయితే కామా, చాలాసార్లు అదీ అక్కర్లేదు. "వాన పడింది కాబట్టి;" కూడా ఇంతే, "కాబట్టి" రాగానే ముందు వాక్యం వెనకదాని మీద ఆధారపడిపోయింది. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా, ఈ నాలుగింటి తర్వాత సెమీకోలన్ కనిపిస్తే నేను చూడకుండానే కొట్టేస్తా.

అపోహ: ఏది పెట్టాలో తేలకపోతే డాష్ పెట్టు, అన్నిటికీ పనికొస్తుంది.

వాస్తవం: డాష్ ఒక మలుపు. "తుఫాను దాటిపోయిందనుకున్నాం – అర్ధరాత్రి గాలి మళ్లీ లేచింది" అన్నచోట దానికి న్యాయం జరుగుతుంది, అనుకున్నది ఒకటి, అయింది ఇంకోటి. పేరాకి నాలుగు పెడితే ఏ మలుపూ మలుపులా ఉండదు. వాక్యం మధ్యలో ఒక మాట దూర్చడానికి జంటగా పెట్టినప్పుడు అదే వాక్యంలో మూడోది వద్దు, ఏది ఎక్కడ మూసిందో తెలీదు. ఇంకోటి, కీబోర్డు మీదుండే చిన్న గీత హైఫన్, అది మాటల్ని కలపడానికి. విండోస్‌లో నంబర్ ప్యాడ్ మీద Alt+0150 కొడితే చిన్న డాష్, Alt+0151 కొడితే పొడుగుది వస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని పుస్తకమంతా అదే వాడండి, చిన్నది వాడితే రెండు పక్కలా ఖాళీ ఇవ్వండి.

అపోహ: కోలన్, విసర్గ ఒకలాగే ఉంటాయి, ఏది టైప్ చేస్తే ఏముంది.

వాస్తవం: కంప్యూటర్‌కి అవి వేరువేరు అక్షరాలు, కోలన్ U+003A, విసర్గ U+0C03. "గమనికః" అని విసర్గతో కొడితే అది "గమనికహ" అని చదవాల్సిన మాటైపోయింది. "దు:ఖం" అని కోలన్‌తో కొడితే మాట రెండు ముక్కలైంది, సరిగ్గా రాసి Ctrl+F తో వెతికితే దొరకదు. అనుమానం వస్తే వెతికే పెట్టెలో ఒట్టి కోలన్ ఒక్కటే కొట్టి ఫైలంతా చూడండి, దాని వెనక ఖాళీ లేకుండా తెలుగు అక్షరం అంటుకుని ఉన్నచోట విసర్గ పడాల్సిందేమో ఒకసారి ఆగి చూసుకోవాలి.